తరుగు ఎక్కడ పోతోంది, బోనస్ ఎక్కడినుంచి వస్తుంది?

(నూజివీడు ప్రాంత మామిడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైతు ఉత్పత్తిదారుల కంపెనీ అనే మాట ఇప్పుడు ప్రతి మండలంలోనూ వినపడుతోంది. ఆగిరిపల్లిలో అడిగినా, చాట్రాయిలో అడిగినా, ముసునూరులో అడిగినా షేరు కట్టమంటున్నారని చెబుతున్నారు. కట్టాలా వద్దా అని మన సంఘాన్ని అడుగుతున్నారు. కట్టమనో వద్దనో ఒక్క మాటలో చెప్పడం కుదరదు. ఒక లారీ కాయను ముందు పెట్టుకుని లెక్క వేద్దాం. ఆ తర్వాత ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

మన దగ్గర కాయ అమ్మే దారులు రెండు. పూత మీదో పిందె మీదో తోటను గుత్తకు ఇచ్చేయడం ఒకటి. కాయ కోసి నున్న మార్కెట్‌కు తోలడం రెండోది. మార్కెట్‌కు తోలిన రైతు లెక్క చూద్దాం. ఇందులో అంకెలు లెక్క కోసం అనుకున్నవి. మీ ఇళ్లలో పాత చీటీలు ఉంటాయి కదా, ఆ అంకెలు పెట్టి మీరూ వేసి చూడండి.

పది టన్నుల బంగినపల్లి వెళ్లింది. పాటలో టన్ను 30 వేలు పలికింది. అంటే 3 లక్షలు రావాలి. టన్నుకు 50 కిలోలు తరుగు తీస్తే అర టన్ను పోయింది, 15 వేలు తగ్గాయి. మిగిలిన 2,85,000 మీద నూటికి 8 కమీషన్ అంటే 22,800. దించుడు కూలీ, ఇతర ఖర్చులు 5 వేలు. చేతికొచ్చింది 2,57,200. పాటలో పలికింది కిలో 30 రూపాయలు, రైతుకు అందింది 25 రూపాయల 72 పైసలు. ఊళ్లోకి వచ్చి మనం చెప్పుకునేది మాత్రం 30 పలికిందనే.

అదే పది టన్నులు కంపెనీ షెడ్డుకు వచ్చాయనుకుందాం. అక్కడ చేయాల్సిన మొదటి పని తరుగు లేకుండా తూచడం. రెండోది కాయను వేరు చేయడం. ఆరు టన్నులు మొదటి రకం, మూడు టన్నులు రెండో రకం, ఒక టన్ను మచ్చలు, దెబ్బలు ఉన్న కాయ అనుకుందాం. మొదటి రకం 38, రెండోది 28, మూడోది గుజ్జుకు 12 చొప్పున అమ్మితే మొత్తం 3,24,000 వస్తుంది. ఇందులోంచి గ్రేడింగ్‌కు, క్రేట్లకు 15 వేలు, కొన్నవాళ్ల దగ్గరికి చేర్చడానికి లారీ కిరాయి 15 వేలు, దారిలో పాడైనదానికి, వాళ్లు తిప్పి పంపినదానికి నూటికి మూడు చొప్పున సుమారు 10 వేలు, ఆఫీసు ఖర్చు టన్నుకు వెయ్యి చొప్పున 10 వేలు, వడ్డీ 4 వేలు. ఖర్చు 54 వేలు, మిగిలింది 2,70,000. మార్కెట్‌కు తోలినదానికన్నా 12,800 ఎక్కువ. కిలోకు రూపాయి 28 పైసలు.

ఆదాయం రెట్టింపు అవుతుందని ఎవరైనా చెబితే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి. వచ్చేది కిలోకు రూపాయి, రెండు రూపాయలు. అది కూడా రెండు చోట్ల నుంచే వస్తోంది. ఒకటి తూకం, రెండోది గ్రేడు. దళారి మధ్యలో లేడన్నంత మాత్రాన దళారి చేసే పనులు లేకుండా పోవు. లారీ మాట్లాడటం, డబ్బు ముందే పెట్టడం, కొనేవాణ్ణి వెతకడం, పాడైన కాయ నష్టం మోయడం, ఇవన్నీ కంపెనీ నెత్తిన పడతాయి. ఆ పనులు దళారికన్నా తక్కువ ఖర్చుతో చేస్తేనే ఆ రూపాయి మనది.

ఆ రూపాయి రెండు దారుల్లో పోతుంది.

మొదటిది తిరుగుడు కాయ. మన లెక్కలో నూటికి మూడు అనుకున్నాం. అది పది అయితే నష్టం 32 వేలు దాటుతుంది. చేతికి 2,47,600 వస్తుంది. అంటే మార్కెట్‌కు తోలినదానికన్నా దాదాపు పది వేలు తక్కువ. కాయ ఎందుకు తిరిగొస్తుంది? కొయ్యడం ముదరక ముందే కోసినందువల్ల. తొడిమ ఉంచకుండా లాగితే సొన కారి తోలు మాడినందువల్ల. చిలుకు కర్ర దెబ్బకు నేల మీద పడిన కాయను మంచి కాయలో కలిపినందువల్ల. కార్బైడ్‌తో మగ్గబెట్టడం ఆహార భద్రతా నిబంధనల ప్రకారం నిషేధం, ఇథిలీన్ వాయువుకు మాత్రమే అనుమతి ఉంది. పెద్ద కొనుగోలుదారు ఆ సంగతి చూసే తీసుకుంటాడు. కాబట్టి తొడిమతో కోసి, సొన కార్చి, క్రేటులో పెట్టి తెచ్చిన రైతుకు ఒక ధర, కుప్పపోసి తెచ్చిన రైతుకు ఇంకో ధర ఇవ్వాలి. బోర్డు సభ్యుడి కాయ అయినా సరే, గ్రేడు చీటీ మీద ఏముంటే అదే. ఇక్కడ మొహమాటపడిన కంపెనీ మొదటి సీజన్‌లోనే మునుగుతుంది.

రెండోది సరుకు చాలకపోవడం. ఆఫీసు, మేనేజరు కలిపి ఏడాదికి 3 లక్షలు ఖర్చనుకుంటే, టన్నుకు వెయ్యి పడాలంటే 300 టన్నులు రావాలి. వంద టన్నులే వస్తే టన్నుకు మూడు వేలు పడుతుంది, పది టన్నుల మీద ఇంకో 20 వేలు పోతాయి. మామిడి రెండు మూడు నెలల పంట. మిగతా నెలల్లో తేనెమంచు పురుగు మందు, ఎరువులు, కాయకు కట్టే కవర్లు సభ్యులకు అమ్మితే ఆఫీసు ఖర్చు కొంత అక్కడ తేలుతుంది.

మరి సరుకు ఎందుకు రాదు? రైతుకు కంపెనీ మీద ఇష్టం లేక కాదు. పూతకు ముందు మందుల కోసం వ్యాపారి దగ్గర అడ్వాన్సు తెచ్చుకున్నాడు. అప్పు ఇచ్చినవాడికే కాయ పోవాలి. ఈ ముడి విప్పకుండా షేర్లు ఎన్ని అమ్మినా కాటా ఖాళీగానే ఉంటుంది. ముల్కనూరు సహకార సంఘం పేరు వినే ఉంటారు. 1956లో విశ్వనాథరెడ్డి గారి చొరవతో మొదలైంది. పరపతి, మార్కెటింగ్ రెండూ ఒకే సంఘం చేతిలో ఉండటం దాని బలం. అప్పు ఒకచోట, అమ్మకం ఇంకోచోట అయితే అప్పుదే పైచేయి అవుతుంది.

అమ్మకం దగ్గర కూడా డబ్బు సంగతి చూసుకోవాలి. 300 టన్నుల కాయ విలువ కిలో 25 చొప్పున 75 లక్షలు. సీజన్ 60 రోజులు, కొన్నవాళ్లు డబ్బు పంపడానికి 20 రోజులు అనుకుంటే ఎప్పుడూ 25 లక్షలు బయట ఉంటాయి. 300 మంది తలా రెండు వేలు షేరు కడితే 6 లక్షలు. 2020లో మొదలైన కేంద్ర పథకం కింద నమోదైన కంపెనీ అయితే రైతుకు రెండు వేల వరకు, మొత్తం 15 లక్షలకు మించకుండా, సమానంగా ఈక్విటీ గ్రాంటు ఉంది. అది కలిపితే 12 లక్షలు. ఇంకా 13 లక్షలు కావాలి. కాయ తెచ్చిన రోజున ధరలో నూటికి 80 ఇచ్చి 20 ఆపుకుంటే 5 లక్షలు తగ్గుతాయి. మిగిలిన 8 లక్షలకు బ్యాంకు అప్పు కావాలి. అది సీజన్‌కు ముందే మంజూరు కావాలి.

అలా ఆపుకున్న ధరను చట్టం ఒప్పుకుంటుంది. అది దానం కాదు, మనకు రావాల్సిన బాకీ. ఎంత ఆపారు, ఏ తేదీకి ఇస్తారు అన్నది చీటీ మీద రాసి ఉండాలి. ఏడాది చివర మిగులులోంచి ఇచ్చే బోనస్ వేరు. అది షేర్లను బట్టి కాదు, ఎవరు ఎంత సరుకు పోశారో దాన్ని బట్టి. ఎక్కువ షేర్లున్నా కాయ పోయని వాడికి బోనస్ రాదు. షేరు మీద వచ్చేది నియమావళిలో రాసుకున్న పరిమితి లోపల మాత్రమే.

ఇక పెత్తనం ఎవరిది అన్న ప్రశ్న. ఈ కంపెనీలకు 2002లో చట్టంలో చోటు కల్పించారు, 2020 సవరణతో 2013 కంపెనీల చట్టంలో చేర్చారు. పదిమంది రైతులు చేరితే కంపెనీ పెట్టుకోవచ్చు. సభ్యులు వ్యక్తులైతే ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకే ఓటు. డైరెక్టర్లు ఐదుగురికి తగ్గకుండా, పదిహేను మందికి మించకుండా ఉంటారు. ముఖ్య కార్యనిర్వహణాధికారి పూర్తికాలం పనిచేసేవాడై ఉండాలి, సభ్యుల్లోంచి కాకూడదు. మూడు నెలలకొకసారైనా బోర్డు కూర్చోవాలి.

మన ప్రాంతానికి అన్నిటికన్నా పనికొచ్చే నిబంధన ఇంకొకటి ఉంది. కంపెనీ వ్యాపారానికి పోటీగా వ్యాపార ప్రయోజనం ఉన్నవాడు సభ్యుడు కాకూడదు. తర్వాత అలాంటి వ్యాపారం పెట్టుకున్నా సభ్యత్వం పోతుంది. కమీషన్ దుకాణం ఉన్నాయన పదెకరాల తోట చూపించి రైతునే అంటాడు. నిజమే, రైతే. కానీ కంపెనీ కాయ తన కొట్టుకు వస్తే లాభం, రాకపోతే నష్టం అన్న మనిషి ధర నిర్ణయించే కుర్చీలో కూర్చోకూడదు. షేరు కట్టే ముందు డైరెక్టర్ల పేర్లు అడిగి తెలుసుకోండి. షెడ్డు ఎవరిది, లారీలు ఎవరివి, క్రేట్లు ఎవరి దగ్గర కిరాయికి తెచ్చారు అన్నది కూడా అడగండి. డైరెక్టరుకో అతని బంధువుకో అప్పు ఇవ్వాలంటే సర్వసభ్య సమావేశం ఆమోదం ఉండాలి.

సర్వసభ్య సమావేశానికి 14 రోజుల ముందు నోటీసు రావాలి. సభ్యుల్లో నాలుగోవంతు ఉంటేనే కోరం. 300 మంది ఉన్న కంపెనీలో 75 మంది కూర్చోవాలి. సంతకాల పుస్తకం ఇంటింటికీ తిరుగుతోందంటే సమావేశం జరగలేదని అర్థం. అలాంటిచోట లెక్కలు కూడా అలాగే రాసి ఉంటాయి. క్రియాశీల సభ్యులకే ఓటు ఉండాలని నియమావళిలో రాసుకోవడానికి చట్టం వీలిచ్చింది. ఏటా తన కాయలో ఇంత వంతు పోసినవాడికే ఓటు అని రాసుకుంటే, కాగితం మీద సభ్యులు కంపెనీని అమ్మేయలేరు.

ఒక్క మాట మన సంఘం తరపున. కంపెనీ వచ్చింది కదా అని మార్కెట్‌లో తరుగు మీద పోరాటం ఆపేది లేదు. కంపెనీకి పోయే కాయ కొంతే, మిగతాది మార్కెట్‌కే పోతుంది. అక్కడ తూకం సరిగా ఉంటే కంపెనీ కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేయాల్సి వస్తుంది. ఇక్కడ చీటీ సరిగా ఉంటే మార్కెట్‌లో అదే చూపించి అడగగలం.

వచ్చే సమావేశానికి గత సీజన్ చీటీలు తీసుకురండి. తరుగు ఎంత, కమీషన్ ఎంత, చేతికి ఎంత అన్నది ఊరువారీగా రాసుకుందాం. ఆ అంకె తెలిస్తే, కంపెనీ చెప్పే ధర మనకు లాభమో కాదో కాటా దగ్గరే తేలిపోతుంది.