మాట మధ్యలో ఆపితే బాట్ ఏం చేస్తుంది? కళింగపట్నం యాసతో ఒక వాయిస్ బాట్ కథ

ఈ ఎపిసోడ్‌లో వాయిస్ బాట్ గురించి మాట్లాడుకుందాం. అంటే మనం నోటితో అడిగితే నోటితోనే జవాబు చెప్పే బాట్. ఇందులో మూడు ముక్కలు ఉంటాయని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మొదటిది మన మాటను అక్షరాల్లోకి మార్చేది, దాన్ని స్పీచ్ రికగ్నిషన్ అంటాం. రెండోది ఆ అక్షరాలు చదివి జవాబు తయారుచేసే లాంగ్వేజ్ మోడల్. మూడోది ఆ జవాబును గొంతుగా మార్చే స్పీచ్ అవుట్‌పుట్. ఈ మూడూ ఇప్పుడు రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి. ఒక శని, ఆదివారం కూర్చుంటే కలిపేయొచ్చు. కానీ అలా కలిపిన బాట్‌తో రెండు నిమిషాలు మాట్లాడితే చిరాకొచ్చేస్తుంది. ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం.

మన శ్రీకాకుళం తీరంలో, వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం ఉంది కదా. అక్కడి మత్స్యకారుల కోసం మనం ఒక ఫోన్ బాట్ కడుతున్నాం అనుకుందాం. సముద్రం ఎలా ఉంటుందో ముందే చెప్పే సమాచారం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇస్తుంది. తుపాను హెచ్చరికలు వాతావరణ శాఖ నుంచి వస్తాయి. బాట్ పని వాటిని చదివి, అడిగినవాళ్లకు తెలుగులో చెప్పడమే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అది చూసినవాళ్లకు ఈ బాట్ తప్పు చెబితే ఏమవుతుందో నేను వివరించక్కర్లేదు.

ఒక పెద్దాయన ఫోన్ చేసి ఇలా అడిగారు అనుకోండి: "రేపు... మా పడవేసుకొని... కళింగపట్నం కాడి నుంచి... ఏటకెల్లొచ్చా బావు?"

మొదటి సమస్య ఇక్కడే. ఆయన మాట ఎక్కడ అయిపోయిందో బాట్‌కి ఎలా తెలుస్తుంది? మామూలుగా చేసే పని ఏంటంటే, నిశ్శబ్దాన్ని కొలవడం. 700 మిల్లీసెకన్లు గొంతు వినబడకపోతే మాట అయిపోయినట్టే అనుకుంటుంది. పెద్దాయన "పడవేసుకొని" దగ్గర ఒక సెకను ఆగారు. బాట్ వెంటనే అందుకుని "మీ పడవ గురించి ఏం తెలుసుకోవాలి?" అంటుంది. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉంటారు. ఇద్దరి మాటలూ గుద్దుకుంటాయి. పోనీ ఆ 700ని 2000 చేద్దామా? అప్పుడు ప్రతి ప్రశ్న తర్వాతా రెండు సెకన్లు మౌనం. ఫోన్ కట్టయిందేమో అని ఆయన "హలో, హలో" అంటారు.

మనుషులం మనం ఎంత గ్యాప్ ఇస్తామో తెలుసా? 2009లో పది భాషల సంభాషణల మీద ఒక పెద్ద పరిశోధన వచ్చింది. అవునా కాదా అనే ప్రశ్నలకు ఒకరి మాట అయ్యాక ఇంకొకరు అందుకోవడానికి పట్టే టైం సగటున 200 మిల్లీసెకన్ల చుట్టూ ఉంది. అంటే మనం నిశ్శబ్దం కోసం వెయిట్ చెయ్యం. వాక్యం ఎక్కడ ముగుస్తుందో ముందే ఊహిస్తాం.

తెలుగులో ఆ ఊహకు మంచి ఆధారం ఉంది. మన క్రియ సాధారణంగా వాక్యం చివర్లో వస్తుంది. "వేసుకొని", "వెళ్తే", "కాబట్టి", "నుంచి" అని ఆగితే ఇంకా మాట ఉందని అర్థం. "వెళ్లొచ్చా", "చెప్పండి", "ఉందా" అంటే దాదాపు అయిపోయినట్టే. కాబట్టి బాట్ గడియారాన్ని ఒక్కటే చూడకుండా, అప్పటిదాకా వచ్చిన చివరి మాట కూడా చూడాలి. అసమాపక క్రియ దగ్గర ఆగితే రెండు సెకన్లు ఓపిక పట్టాలి. సమాపక క్రియ వచ్చి ఆగితే 300 మిల్లీసెకన్లు చాలు.

ఇది కూడా ప్రతిసారీ పనిచెయ్యదు. "మాది కళింగపట్నం" అన్నదాంట్లో క్రియే లేదు, అయినా వాక్యం పూర్తయింది. "ఎల్లొచ్చా..." అని ఆగి, తర్వాత "రేపు?" అని తగిలించేవాళ్లూ ఉంటారు. అందుకే బాట్ జవాబు తయారు చెయ్యడం మొదలుపెట్టినా, కొత్త మాట రాగానే దాన్ని పారేసి మళ్లీ మొదలుపెట్టగలగాలి.

ఇక యాస సంగతి. ఆయన "వేటకు" అనలేదు, "ఏటకు" అన్నారు. మన వైపు మాటల్లో ఆ మొదటి "వ" జారిపోవడం మామూలే. స్పీచ్ రికగ్నిషన్ ఎక్కువగా వార్తల తెలుగు విని నేర్చుకుని ఉంటే, దీన్ని "ఏటికి వెళ్లొచ్చా" అని రాయొచ్చు. అంటే నదికి వెళ్లొచ్చా అని! అలాగే "ఎల్లీసి", "సేసీసి" లాంటివి కూడా మాట కొనసాగుతోందని చెప్పేవే. అవి మన లిస్టులో లేకపోతే బాట్ అక్కడ కూడా తొందరపడుతుంది. అనుమానం ఉంటే "సముద్రంలో చేపల వేటకేనా అండీ?" అని ఒకసారి అడిగించండి. కాస్త టైం పడుతుంది. కానీ ప్రాణం మీద మాట కదా, అడగాల్సిందే.

సరే, ప్రశ్న అర్థమైంది. ఇప్పుడు ఆలస్యం లెక్క చూద్దాం. ఉదాహరణకి, మాట అయిపోయిందని తేల్చుకోవడానికి 300, అక్షరాలు ఖాయం చేసుకోవడానికి 200, లాంగ్వేజ్ మోడల్ జవాబు మొత్తం రాయడానికి 3000, దాన్నంతా గొంతుగా మార్చడానికి 2000, ఫోన్ నెట్‌వర్క్‌కి 200 మిల్లీసెకన్లు. కలిపితే ఐదున్నర సెకన్లు పైనే. ఇది మరీ ఎక్కువ చేసి చెబుతున్న లెక్క కాదు. ఓపెన్ఏఐ వాళ్లు 2024 మేలో చెప్పిన దాని ప్రకారం, జీపీటీ-4తో ఇలా మూడు ముక్కలు కలిపిన వాళ్ల పాత వాయిస్ మోడ్‌కి సగటున 5.4 సెకన్లు పట్టేది. శబ్దాన్ని నేరుగా తీసుకునే జీపీటీ-4ఓకి అది సగటున 0.32 సెకన్లకు దిగింది.

మూడు ముక్కల పద్ధతిలోనే ఉండి కూడా దీన్ని బాగా తగ్గించొచ్చు. జవాబు మొత్తం అయ్యేదాకా ఆగకుండా, మొదటి వాక్యం రాగానే దాన్ని గొంతుకి పంపెయ్యాలి. అది వినబడుతుండగా రెండో వాక్యం తయారవుతుంది. అప్పుడు 3000 కాస్తా 600, 2000 కాస్తా 300 అయితే, మొత్తం సుమారు 1.6 సెకన్లకు వస్తుంది. మొదటి వాక్యం ఎంత చిన్నదైతే అంత త్వరగా మొదలవుతుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం. బాట్ ఇలా జవాబిస్తోంది: "రేపు ఉదయం గాలి మామూలుగానే ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత అలలు బాగా పెరుగుతాయి. అందుకని వేటకు వెళ్లొద్దని హెచ్చరిక ఉంది." మొదటి వాక్యం అవ్వగానే పెద్దాయన మధ్యలో అందుకున్నారు: "అయితే పొద్దున్న పోటు ఎప్పుడు బావు?"

బాట్ ఆగింది, మంచిదే. కానీ దాని జ్ఞాపకంలో ఏముంది? లాంగ్వేజ్ మోడల్ మూడు వాక్యాలూ రాసేసింది. స్పీచ్ అవుట్‌పుట్ కూడా ముందే శబ్దం తయారుచేసి ఫోన్‌కి పంపేసి ఉండొచ్చు. సంభాషణ చరిత్రలో మూడూ ఉన్నాయి. కాబట్టి బాట్ దృష్టిలో హెచ్చరిక చెప్పేసినట్టే. అది పోటు వచ్చే టైం చెప్పి ఊరుకుంటుంది. ఆయన విన్నది మాత్రం "గాలి మామూలుగానే ఉంటుంది" ఒక్కటే. పొద్దున్నే పడవ తీస్తారు.

దీనికి మందు ఏంటంటే, ఎంత తయారైంది అన్నది కాదు, ఎంత వినబడింది అన్నది లెక్కపెట్టాలి. మొత్తం జవాబు 9 సెకన్ల శబ్దం, ఆపేసరికి ఫోన్‌లో 3 సెకన్లే ప్లే అయింది అనుకోండి. ఆ 3 సెకన్లలో వచ్చిన మాటలే చరిత్రలో ఉంచి, మిగతావి కొట్టెయ్యాలి. క్యూలో ఉన్న శబ్దాన్ని కూడా ఖాళీ చెయ్యాలి, లేకపోతే "ఆగు" అన్నా బాట్ ఇంకా వాగుతూనే ఉంటుంది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. హెచ్చరికను ఎప్పుడూ మొదటి వాక్యంలోనే పెట్టాలి: "రేపు వేటకు వెళ్లొద్దండి." కారణాలు తర్వాత చెప్పుకోవచ్చు.

మరి గొంతు వినబడిన ప్రతిసారీ బాట్ ఆగిపోవాలా? అక్కర్లేదు. మనవాళ్లకు ఊ కొట్టే అలవాటు ఉంది కదా. కథ చెబుతుంటే "ఊ", "ఆఁ", "సరే బావు" అంటూ ఉంటాం. అది అడ్డు తగలడం కాదు, చెప్పు వింటున్నా అని. దానికి ఆగిపోయే బాట్ ఒక్క వాక్యం కూడా పూర్తి చెయ్యలేదు. అందుకని అవతలి గొంతు వినగానే ముందు తన గొంతు కాస్త తగ్గించాలి. ఒక 400 మిల్లీసెకన్లలో వచ్చిన మాట చూడాలి. "ఊ" అయితే కొనసాగించాలి. "ఆగు", "కాదు", "ఉండు" లాంటివి, లేదా కొత్త ప్రశ్న అయితే వెంటనే ఆపెయ్యాలి.

ఇక్కడ కూడా చిక్కులున్నాయి. స్వరం పైకి లేపి "ఆఁ?" అంటే "వినబడలేదు, మళ్లీ చెప్పు" అని. అక్షరాల్లోకి మార్చేసరికి ఆ స్వరం పోతుంది, రెండు "ఆ"లూ ఒకేలా కనబడతాయి. బాట్ "చేపల వేటకేనా?" అని అడిగాక వచ్చిన "ఊ" అయితే ఊ కొట్టడం కాదు, "అవును" అనే జవాబు. కాబట్టి బాట్ ఆ క్షణంలో చెబుతోందా, అడిగి ఎదురుచూస్తోందా అన్నదాన్ని బట్టి అర్థం తీసుకోవాలి.

మీ ఫోన్‌లో ఉన్న ఏ వాయిస్ బాట్‌నైనా మీరే పరీక్షించొచ్చు. "నాను... రేపు పొద్దున్నే లేసి..." అని సెకను ఆగి చూడండి, తొందరపడుతుందా? అది చెబుతుండగా "ఊ" కొట్టండి, ఆగిపోతుందా? స్పీకర్ ఆన్ చేసి మీరు మౌనంగా ఉండండి. తనంతట తనే ఆగిపోతే, తన గొంతునే మీ గొంతు అనుకుంటోందని, ఎకో క్యాన్సలేషన్ సరిగ్గా లేదని అర్థం. చివరగా, ఒక పెద్ద జవాబు మధ్యలో ఆపి "ఇప్పటిదాకా నాకు ఏం చెప్పావు?" అని అడగండి. మీరు వినని సంగతులు కూడా చెప్పానంటే, దాని లెక్క తప్పిందన్నమాట.

ఈ నాలుగు టెస్టుల్లో మీ బాట్ ఎక్కడ దొరికిపోయిందో కామెంట్స్‌లో రాయండి. మన యాసలో ఏ మాటకు తడబడిందో కూడా రాయండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను మరి.