అరవై దాటాక చేతికొచ్చే నెల డబ్బు: పెన్షన్ నిధి లెక్క



ఉద్యోగికి పెన్షన్ వాటా జీతంలోనే కోత పడుతుంది. మనకు నెల జీతం లేదు. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది. అయినా 2009 నుంచి జాతీయ పెన్షన్ వ్యవస్థలో, అంటే ఎన్.పి.ఎస్.లో, మనమూ ఖాతా తెరవొచ్చు. నెలనెలా కట్టాల్సిన పని లేదు. పత్తి అమ్మిన నాడు, వడ్ల డబ్బు పడిన నాడు ఒకేసారి కట్టొచ్చు.

ఏడాదికి 12,000 రూపాయలు కడతామనుకుందాం. రాబడి ఏటా 8 శాతం అనుకుందాం. ఇది మార్కెట్‌ను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది, హామీ ఏమీ లేదు. 40వ ఏట మొదలుపెడితే 20 ఏళ్లలో మనం కట్టేది 2 లక్షల 40 వేలు, 60వ ఏటికి నిధి సుమారు 5 లక్షల 50 వేలు. అదే 30వ ఏట మొదలుపెడితే అదనంగా కట్టేది 1 లక్ష 20 వేలే, నిధి మాత్రం సుమారు 13 లక్షల 60 వేలు. ముందు వేసిన డబ్బుకు పెరగడానికి ఎక్కువ ఏళ్లు దొరకడమే దీనికి కారణం.

ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియక నష్టపోయేది ఆ తర్వాత. 60 ఏళ్లు నిండాక నిధిలో కొంత చేతికి తీసుకుని, మిగతాదానితో బీమా కంపెనీ దగ్గర యాన్యుటీ కొనొచ్చు. అంటే మొత్తం సొమ్ము వాళ్లకిస్తాం, బతికున్నంత కాలం వాళ్లు మనకు నెలనెలా ఇస్తారు. ఎన్నేళ్లు బతికినా ఆగదు. కానీ ఒకసారి కొన్నాక మామూలుగా వెనక్కి తీసుకోలేం, మార్చుకోలేం.

లెక్క తేలికగా ఉండడానికి 5 లక్షల 50 వేలూ యాన్యుటీలోనే పెట్టామనుకుందాం. మనిషి బతికున్నంత కాలం మాత్రమే ఇచ్చే రకానికి రేటు ఎక్కువ. అది 7.5 శాతం ఉంటే నెలకు 3,400 పైచిలుకు వస్తుంది. భర్త తర్వాత భార్యకూ అంతే ఇచ్చి, ఇద్దరి తర్వాత అసలు వారసులకు తిరిగిచ్చే రకానికి రేటు తక్కువ. అది 6 శాతం ఉంటే నెలకు 2,750. పెద్ద అంకె చూసి మొదటిది రాయించుకున్న రైతు రెండేళ్లకే పోతే, ఆ ఇంటికి నెల డబ్బూ ఉండదు, అసలూ రాదు. భూమి కూడా భర్త పేరనే ఉన్న ఇళ్లలో ఆ ఆడమనిషి గతేమిటి?

ఇంకో సంగతి. మామూలు యాన్యుటీలో నెల మొత్తం పెరగదు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లకు రెట్టింపవుతాయి. 72వ ఏట ఆ 2,750తో కొనగలిగేది 60వ ఏట కొన్న సరుకులో సగమే. అందుకే చేతికొచ్చిన మొత్తాన్ని అంతా పెళ్లికో, బోరుకో పెట్టేయకూడదు.

కాబట్టి సంతకం పెట్టే ముందు రెండు మూడు బీమా కంపెనీల రేట్లు అడుగుదాం. ఆ రోజు రేటే మనకు చివరిదాకా ఉంటుంది. కాగితంలో మూడు మాటలు వెతుకుదాం: భార్యకు వస్తుందా, అసలు తిరిగొస్తుందా, ఏటా పెరుగుతుందా. ఆ ఫారం నింపేటప్పుడు భార్యాభర్తలిద్దరం కూర్చుందాం.