కుట్లు పడ్డాయి, వేలు మాత్రం మడవడం లేదు

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఇల్లాలు గాజు గ్లాసు తోముతుండగా అది చేతిలోనే పగిలింది. ఉంగరపు వేలి మొదట్లో, అరచేతి వైపు చిన్న గాయం. ఎవరో చర్మానికి కుట్లు వేశారు, రక్తం ఆగింది. పదో రోజు కట్టు విప్పాక చూస్తే మిగతా వేళ్లు పిడికిట్లోకి వస్తున్నాయి, ఆ వేలు మాత్రం నిటారుగా నిలబడింది.

వేలిని మడిచే ప్రధాన కండలు వేలిలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి టెండన్లు అనే గట్టి తాళ్లు అరచేయి దాటి వేలిలోకి వస్తాయి. బొటనవేలికి ఒకటి, మిగతా వేళ్లకు రెండేసి. ఒకటి నడిమి కణుపును, రెండోది కొస కణుపును మడుస్తుంది. టెండన్ తెగితే పైజామా బొందు లోపలికి పోయినట్టు దాని కొస అరచేతిలోకి జారిపోతుంది. అందుకే గాయంలోకి తొంగిచూసినా కనిపించకపోవచ్చు.

పరీక్ష సులువే. అరచేయి పైకి పెట్టి చేతిని వదులుగా వదిలేస్తే వేళ్లన్నీ కొంచెం ముడుచుకుంటాయి. తెగిన వేలు చాపుకుని ఉంటుంది. తర్వాత నడిమి కణుపును కదలకుండా పట్టుకుని కొసను మడవమనాలి. మిగతా వేళ్లను చాపి పట్టుకుని నడిమి కణుపునూ చూడాలి. వేలి రెండు పక్కలా స్పర్శ తెలుస్తోందా అని అడగాలి. మడుస్తున్నప్పుడు నొప్పి పెడితే సగం తెగి ఉండవచ్చు.

వేలు తెల్లబడి చల్లబడితే అప్పటికప్పుడు ఆపరేషన్ కావాలి. లేకపోతే గాయం కడిగి, చర్మం మూసి, బద్ద కట్టి, కొద్ది రోజుల్లో చేయవచ్చు. మొదటి వారం మేలు, రెండు వారాలు దాటనివ్వకూడదు. ఆ ఇల్లాలికి పదో రోజునా నేరుగా కుట్టే అవకాశం ఉంది. వేరుశనగ పీకుడు అయ్యాక చూద్దామని నెల ఆగితే కండ కురచబడుతుంది, టెండన్ నడిచే గొట్టం పూడుకుపోతుంది. అప్పుడు తరచూ రెండు ఆపరేషన్లు కావాలి: ముందు సిలికాన్ కడ్డీ పెట్టి దారి తయారు చేయడం, కొన్ని నెలల తర్వాత మరోచోటి టెండన్ తెచ్చి అతకడం.

వేలి మొదలు నుంచి నడిమి కణుపు దాకా ఉన్న భాగంలో టెండన్లు ఇరుకు గొట్టంలో నడుస్తాయి. కుడితే అతుక్కుపోతాయన్న భయంతో ఒకప్పుడు అక్కడ వెంటనే కుట్టేవారు కాదు. 1967లో అమెరికాలోని లూయీవిల్‌కు చెందిన క్లైనర్ట్ బృందం వెంటనే కుట్టి, త్వరగా కదిలించి మంచి ఫలితాలు చూపింది.

ఇప్పుడూ కుట్టిన కొద్ది రోజులకే ఫిజియోథెరపిస్టు చెప్పిన మేరకు వేలు కదిలించాలి. బద్ద సుమారు ఆరు వారాలు, బరువులు పన్నెండు వారాల దాకా వద్దు. మధ్యలో టక్కుమని వేలు మడవడం ఆగితే కుట్టు తెగిందేమో. ఆ రోజే సర్జన్‌కు చూపించాలి.