రోటా చుక్కల తర్వాత వారం: బిడ్డ ఏడుపులో కనిపెట్టాల్సిన తేడా
(సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఈ ఏడాది ఆరోగ్య ఉపసంఘం నుంచి ఒక్క విషయమే చెప్పదలుచుకున్నాం. చంటిపిల్లలకు రోటా చుక్కలు వేయించిన తర్వాత, చాలా అరుదుగా, పేగుకు సంబంధించిన ఒక ప్రమాదం రావచ్చు. దాన్ని ఇంట్లో ఆడవాళ్లమే ముందుగా కనిపెట్టగలం. ఎలాగో చూద్దాం.

రోటా చుక్కలు మనకు కొత్త కాదు. 2016లో దేశంలో మొదటగా ఈ చుక్కలు మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. బిడ్డకు 6, 10, 14 వారాలప్పుడు నోట్లో వేస్తారు. రోటా వైరస్ వల్ల వచ్చే నీళ్ల విరేచనాలు ముదరకుండా ఇవి కాపాడతాయి. కాబట్టి మా మాట విని చుక్కలు మానెయ్యకండి. చుక్కలు వేయించండి, వేయించాక కనిపెట్టి ఉండండి. మేం చెప్పేది అంతే.

ఆ ప్రమాదాన్ని డాక్టర్లు ఇంటస్ససెప్షన్ అంటారు. జాకెట్టు చెయ్యి ఒక్కోసారి తనలోకి తానే మడతపడుతుంది కదా, అలాగే పేగులో ఒక ముక్క పక్కనున్న ముక్కలోకి దూరిపోతుంది. దారి మూసుకుపోతుంది. దూరిన ముక్కకు రక్తం అందడం తగ్గుతుంది. ఆలస్యమైతే ఆ ముక్క పాడైపోతుంది. ఇది చుక్కలు వేయించుకోని పిల్లలకు కూడా వస్తుంది, ఎక్కువగా నాలుగు నుంచి ఏడు నెలల వయసులో. మన దేశంలో తయారయ్యే చుక్కల వల్ల ఇది పెరిగిందా అని మన దేశపు ఆసుపత్రుల్లో పరిశీలించారు. 2020లో వచ్చిన ఆ ఫలితాల్లో పెరిగినట్టు కనిపించలేదు. అయితే వేరే దేశాల్లో వేరే రకం చుక్కలు వేసినప్పుడు, ముఖ్యంగా మొదటి డోసు తర్వాత వారం రోజుల్లో, లక్ష మంది పిల్లల్లో కొద్దిమందికి అదనంగా వచ్చినట్టు తేలింది. అందుకే ఏ డోసు తర్వాతైనా ఆ వారం ఒక కన్నేసి ఉంచమంటున్నాం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పిల్లలు రోజూ ఏడుస్తారు. ఆకలికి ఏడుస్తారు, నిద్రకి ఏడుస్తారు, గ్యాస్ పట్టి ఏడుస్తారు. ఈ ఏడుపు వేరు. బిడ్డ ఉన్నట్టుండి గుక్కపెట్టి ఏడుస్తుంది. రెండు కాళ్లూ పొట్ట మీదికి ముడుచుకుంటుంది. ముఖం పాలిపోతుంది. ఎత్తుకున్నా, పాలిచ్చినా, ఊయల ఊపినా ఊరుకోదు. కొద్ది నిమిషాలకు దానంతట అదే ఆగిపోతుంది, బిడ్డ మామూలుగానే కనిపిస్తుంది. పావుగంటకో, ఇరవై నిమిషాలకో మళ్లీ అదే ఏడుపు, మళ్లీ కాళ్లు ముడవడం. పేగు పిండినట్టు అయినప్పుడల్లా నొప్పి వస్తుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. మధ్యలో బాగుండటమే మనల్ని మోసం చేస్తుంది. "తగ్గిపోయిందిలే" అనిపిస్తుంది.

ఒక బిడ్డ ఉందనుకుందాం. నాలుగు నెలలది. పుట్టింట్లో ఉండి ఆలస్యమై, బుధవారం నాడు రెండో డోసు వేయించారు. ఆదివారం సాయంత్రం ఆరింటికి మేం చెప్పిన ఏడుపు మొదలైంది. ఏడింటికల్లా మూడుసార్లు వచ్చింది. అత్తమ్మ గ్యాస్ అనుకుని వాము నీళ్లు పట్టమంటుంది. పక్కింటావిడ దిష్టి తియ్యమంటుంది. ఎనిమిదింటికి తాగిన పాలు కక్కింది. తొమ్మిదింటికి మళ్లీ వాంతి, ఈసారి ఆకుపచ్చగా. దొడ్డికి మామూలుగానే ఒకసారి వెళ్లింది, రక్తం లేదు.

ఇక్కడే మనం నిర్ణయం తీసుకోవాలి. రక్తం పడలేదు కదా, పొద్దున్న చూద్దాం అనుకుంటే ఏమవుతుంది? తెల్లవారేసరికి బిడ్డ ఏడవడానికి కూడా ఓపిక లేక మగతగా పడి ఉంటుంది. ఇంట్లోవాళ్లు నిద్రపోతోంది, నయమైంది అనుకుంటారు. పది గంటలకు గుడ్డలో ఎర్రటి జిగురు పడుతుంది, మలం తక్కువ, రక్తం కలిసిన జిగురు ఎక్కువ. దాన్ని రక్త విరేచనాలనుకుని మెడికల్ షాపులో మందు తెచ్చిపోస్తే ఇంకో పూట పోతుంది. రక్తం అంటే పేగు అప్పటికే నలిగిపోతోందని అర్థం. అందుకే రక్తం కోసం ఎదురుచూడకూడదు. ఏడుపు, వాంతులు, రక్తం, ఇవన్నీ ఒకేసారి అందరు పిల్లల్లోనూ కనిపించవు. కాళ్లు ముడుచుకుని ఆగి ఆగి వచ్చే ఏడుపు ఒకటి, వాంతులు ఒకటి, ఈ రెండూ చాలు బయల్దేరడానికి. ఏడుపు లేకుండా మగతగా, పాలిపోయి ఉన్నా, ఒక్క రక్తం పడినా అంతే.

మరి మామూలు రక్త విరేచనాలకీ దీనికీ తేడా ఎలా? రక్త విరేచనాల్లో తరచూ విరేచనం అవుతుంది, జ్వరం ఉంటుంది. ఇందులో ముందు ఏడుపు, వాంతులు, ఆ తర్వాతే రక్తం. జ్వరం మొదట్లో ఉండకపోవచ్చు. అయినా చూసి తేల్చుకోవడం మన పని కాదు. ఏదైనా సరే రక్తం కనిపిస్తే ఆసుపత్రే.

బయల్దేరేటప్పుడు వాము నీళ్లు, గ్రైప్ వాటర్, ఆముదం, విరేచనాలు కట్టే మందు ఏదీ నోట్లో పొయ్యొద్దు. పొట్ట పిసకొద్దు. వాంతులవుతుంటే బలవంతంగా పాలు పట్టొద్దు, ఆఖరుసారి ఎప్పుడు తాగిందో గుర్తుపెట్టుకోండి. 108కి ఫోన్ చెయ్యండి. పీహెచ్‌సీలో స్కానింగ్, ఆపరేషన్ సదుపాయం సాధారణంగా ఉండదు. పిల్లల డాక్టరు, స్కానింగ్, సర్జను ఉన్న ఆసుపత్రికి పంపమని అడగండి. టీకాల కార్డు, రక్తం పడిన గుడ్డ పట్టుకెళ్లండి. అక్కడ మొదటి మాటగానే చెప్పండి: "ఫలానా రోజు రోటా చుక్కలు వేయించాం. ఫలానా టైము నుంచి కాళ్లు ముడుచుకుని ఆగి ఆగి ఏడుస్తోంది, ఇన్నిసార్లు వాంతి అయ్యింది."

అక్కడ పొట్టకు స్కానింగ్ చేస్తే చాలావరకు తెలిసిపోతుంది. తొందరగా వెళ్తే ఎక్కువమంది పిల్లలకు కత్తి పెట్టరు. ఆసనం దగ్గర్నుంచి సన్నటి గొట్టం ద్వారా గాలి గానీ ఉప్పునీరు గానీ ఒత్తిడితో పంపిస్తే దూరిన పేగు వెనక్కి జారుతుంది. ఆలస్యమై పేగు పాడైతే మాత్రం ఆపరేషనే. గాలితో సర్దుకున్నాక పదిమందిలో ఒకరికి మళ్లీ రావచ్చు. కాబట్టి ఇంటికొచ్చాక కూడా అదే ఏడుపు వస్తే మళ్లీ అదే దారి పట్టాలి. ఈ జబ్బు వచ్చిన బిడ్డకు ఇక రోటా చుక్కలు వెయ్యరు. ఆ మాట కార్డు మీద రాయించుకోండి, ఏఎన్ఎమ్మకు, ఆశా అక్కకు చెప్పండి. మిగతా టీకాలు ఎప్పుడు వేయించాలో డాక్టరును అడగండి.

ఒక తీర్మానం కూడా మీ ముందు పెడుతున్నాం. ఇలాంటి రాత్రి బయల్దేరే తల్లికి చేతిలో డబ్బు లేకపోతే, మీటింగు దాకా ఆగకుండా లీడరు పొదుపు డబ్బులో నుంచి అప్పటికప్పుడు ఇవ్వాలి. సంతకాలు తర్వాతి మీటింగులో చేసుకుందాం. పుస్తకం రేపైనా రాసుకోవచ్చు, పేగు మాత్రం రేపటిదాకా ఆగదు.

సెలవు.