'చిన్న మార్పే కదా' అన్నప్పుడు

నా ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కొనుగోళ్లు, గోదాము, లెక్కలు అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో నడిపే ఈఆర్‌పీని కంపెనీల్లో అమర్చడం నా పని. అక్కడ బడ్జెట్‌ను ఎక్కువగా తినేసేవి "చిన్న మార్పే కదా" అంటూ నోటిమాటగా ఒప్పుకున్నవే.

ఒక రైస్‌మిల్లులో డిజైన్ మీద సంతకాలయ్యాక రెండు కోరికలు వచ్చాయి. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే తరుగు బిల్లులో దానంతటదే పడాలని కొనుగోలు అధికారి అడిగారు. నెలవారీ రిపోర్టు పాత రిజిస్టరులాగే ఉండాలని అకౌంటెంటు గారు అడిగారు. ఇద్దరి చేతా ఒకే ఫారం నింపించాం: ఎందుకు కావాలి, చేయకపోతే ఏది ఆగుతుంది? ఎన్ని రోజుల పనో మేం రాశాం.

తరుగు లెక్క రాయడానికి 4 రోజులు చాలు. కానీ అది గోదాము నిల్వనూ రైతు చెల్లింపునూ మారుస్తుంది కాబట్టి, పరీక్షకు మరో 6 రోజులు. చేయకపోతే తేమ ఎక్కువున్న ప్రతి బండి బిల్లూ చేత్తో దిద్దాలి. మార్పుల కోసం ముందే విడిగా ఉంచిన 30 రోజుల్లోంచి 10 తీసి, యజమాని సంతకంతో ఆ పని చేశాం.

రిపోర్టు సంగతి వేరు. అంకెలన్నీ ఉన్న రిపోర్టులోనే వస్తున్నాయి. దాన్ని రెండో విడత జాబితాలో రాసి, అకౌంటెంటు గారి పక్కన కూర్చుని పాత రిజిస్టరు మొత్తాలతో సరిచూపించాం.

కుదరదన్నా జనం సర్దుకుంటారు. అడిగింది ఏమైందో తెలియనప్పుడే నమ్మకం పోతుంది. అందుకే ప్రతి కోరికకూ ఒక నంబరు, వారంలోగా జవాబు. విడిగా ఉంచిన రోజులు అయిపోతే, కొత్తది చేర్చడానికి పాతదొకటి తీయాలి, లేదా తేదీ జరపాలి. ఏది చేయాలో యజమానే తేల్చాలి.