కొత్త క్యాబా, పాత క్యాబా?

విజయవాడలో అద్దె క్యాబ్ నడిపే ఓ డ్రైవరు సొంత బండి కొనాలనుకున్నాడు. చేతిలో లక్షన్నర ఉంది. 8 లక్షల కొత్త బండికి మిగతాది పదిన్నర శాతం వడ్డీకి అప్పు తెస్తే, ఐదేళ్లపాటు నెలకు సుమారు 14,000 వాయిదా. 4 లక్షల పాత బండికి వడ్డీ 15 శాతమైనా, మూడేళ్లపాటు వాయిదా దాదాపు 8,700. రిపేర్లకు నెలకు మరో 4,000 తీసిపెట్టాలి.

నెలవారీ మొత్తంలో తేడా కొంచెమే. అయితే గిరాకీ లేని నెలలో డీజిలు, ఇంటిఖర్చు పోను అతనికి మిగిలేది 12,000. రిపేరు కొంత వాయిదా వేయొచ్చు, బ్యాంకు వాయిదా ఆగదు. అందుకే పాతదే ఎంచుకున్నాడు. కొనేముందు ఆర్సీలో పాత అప్పు నమోదు తొలగిందో లేదో, చలాన్లు, ఫిట్‌నెస్, పర్మిట్ చూసుకున్నాడు.

బండి కొనే అన్నలారా, మంచి నెల సంపాదన కాదు, గిరాకీ పడిపోయిన నెల సంపాదన చూసి వాయిదా ఒప్పుకోండి.