మేము - మనము



ఉత్తమపురుష బహువచనమునకు మన తెలుగున రెండు రూపములు గలవు. వినువానిని విడిచి చెప్పునది 'మేము', వానిని గూడ కలుపుకొని చెప్పునది 'మనము'. ఈ భేదము దాంపత్యమునకు మంచి కొలకఱ్ఱ. క్రొత్తగా కాపురమునకు వచ్చిన పిల్ల కొంతకాలము 'మాయింట పులుసులో బెల్లము వేయుదురు' అని పుట్టినింటినే చెప్పును. వరుడును తల్లి చేతి వంటనే 'మాయింటి వంట' యనును. ఈ రెండు 'మా'లును పోయి, ఇరువురి నోటను ఒకటే 'మాయిల్లు' పలుకుటకు పెండ్లి మంత్రములు మాత్రమే చాలవు. చిన్న చిన్న వాడుకలు గూడ కావలయును. అట్టి వాడుక నొకదానిని మా యింటినుండియే తెలిపెదను.

శనివారము రాత్రి మాకు భోజనము లేదు, ఫలహారమే. మా యింట నది ఉప్పుడుపిండి. గిన్నెడు బియ్యపురవ్వకు రెండు గిన్నెల నీరు, నానిన పెసరపప్పు చారెడు. నూనెలో ఆవాలు, జీలకఱ్ఱ, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ వేచి, ఎసరు పోసి, తెరలిన పిమ్మట రవ్వ జారవిడిచి, సన్నని సెగపై మూత పెట్టవలయును. రవ్వ జల్లించుట నా పని, వండుట ఆమె పని. మందమైన ఇత్తడి గిన్నెలో అడుగున ఎఱ్ఱగా పట్టిన చెక్కను అట్లకాడతో లేపి, చెరి సగము చేయుట మరల నా పని.

ఈ చెక్క యొక హాస్యమునకు మూలమైనది. కాపురమునకు వచ్చిన క్రొత్తలో ఒకనాడు పిండి అడుగంటినది. ఆమె పైపిండి నాకు వడ్డించి, అడుగు తనకు దాచుకొన్నది. నేను గిన్నెవైపు చూచి, "అడుగేది?" అంటిని. ఆమె తడుముకొనక, "అడిగినవారికే అడుగు" అని సగము తెచ్చి నా విస్తరిలో వేసినది. నేను బడిలో శ్లేషాలంకారమును పాఠము చెప్పువాడను. అంత చక్కని ఉదాహరణము ఏ గ్రంథమునను నాకు దొరకలేదు.

కాలక్రమమున ఆ మాటకు వేఱొక యర్థ మేర్పడినది. ఒక శనివారము ఆమె రెండు దినములుగా ముభావముగా నున్నది. కారణమేమని సూటిగా నడిగిన 'ఏమియు లేద'నునది. చెక్క పంచుచు, "అడుగింకను మిగిలినదా?" అంటిని. ఆమె నవ్వి, వెంటనే కన్నీరు పెట్టుకొన్నది. పుట్టినింట తల్లికి జబ్బుగా నున్నదని జాబు వచ్చినదట. పిల్లవాని పరీక్షరుసుము కట్టవలసిన నెల యగుటచే ప్రయాణపు ఖర్చు చెప్పలేక దాచినదట. మఱునాటి యుదయము బండి యెక్కించితిని. ఆ తల్లి పదునైదు దినములే బ్రతికినది, కాని కుమార్తె చేతినీరు త్రాగి పోయినది. సూటిప్రశ్నకు తెఱవని మనస్సు, ఇరువురే యెఱిగిన ఆ చిన్నమాటకు తెఱచుకొన్నది. ఏలయనగా ప్రశ్నలో విచారణ యున్నది, ఆ మాటలో నవ్వు పంచుకొన్న యేండ్లున్నవి.

ఇట్టి మాటలు చెడుటయు గలదు. నా మిత్రు డొకడు భార్య క్రొత్తలో తప్పుగా పలికిన యొక మాటను ముద్దుగా వాడుకొనుచుండెను. ఆమెయు దానికి నవ్వుచుండెను. ఒక పండుగనాడు బంధువుల పంక్తిలో దానిని చెప్పి అందఱిని నవ్వించెను. నాటినుండి ఆ మాట యింట వినబడలేదు. 'మన' మాట 'మీ' యందఱి మాట యైనది, ఆమె యొక్కతెయే వెలియైనది. హాస్యము బ్రతికియున్నదా యని తెలియుటకు గుఱుతు సులభము. ఇరువురిలో నెవరైనను దానిని మొదలుపెట్టగలిగిన బ్రతికియున్నది. ఒకరే యనుచు, రెండవవారు ఓర్చుకొనుచున్న, అది యెత్తిపొడుపు.

వాడుకకును అదియే పరీక్ష. ఒకవారము తప్పినపుడు ఇరువురికిని వెలితి తోచవలయును. ఒకరికి వెలితియు, వేఱొకరికి 'హమ్మయ్య' యనుటయు నైనచో, పని యొకరి నెత్తిననే పడినదన్నమాట. అపుడు వాడుకను మానవలసిన పనిలేదు, పనిని పంచుకొన్న చాలును.

వాడుక రూపము మాఱవచ్చును. కొన్నియేండ్ల క్రిందట ఆమెకు మధుమేహము కనబడగా, వైద్యుడు బియ్యపురవ్వ తగ్గింపుమనెను. ఇపుడు మేము జొన్నరవ్వ వేసి, పెసరపప్పు హెచ్చించి, కొలత సగము చేసితిమి. చెక్క మునుపటివలె కరకరలాడదు. అయినను ఆ వారము జొన్నరవ్వ నేనే జల్లించితిని, ఆమెయే వండినది. గిన్నె దింపి నావైపు చూచి, "అడుగరేమి?" అన్నది.

మీలో ననేకుల యిండ్లలో ఇట్టి మాట యొకటి యుండియే యుండును. దానిని నాకు చెప్పవలదు, ఎవరికిని చెప్పవలదు. చెప్పకుండుటచేతనే అది మీ యిరువురిది.

సెలవు.